బోరు నీళ్ల గురించి తప్పు చెప్పి చేయించిన అగ్రిమెంటును రద్దు చేసుకోవచ్చా?

మాది అనంతపురం జిల్లా. చీనీ తోట కోసం నాన్న గత అక్టోబరులో మూడెకరాలకు అగ్రిమెంటు రాసుకుని, నాలుగు లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. ఎండాకాలంలోనూ బోరులో రెండించుల నీరు తగ్గదని అమ్మే ఆయన చెప్పారు. ఆ మాట నమ్మే అంత ధరకు ఒప్పుకున్నాం. వానలు పడిన రోజులు కాబట్టి, మోటారు వేసి చూస్తే నీళ్లు నిండుగానే వచ్చాయి. ఏప్రిల్లో పావుగంటకే ఆగిపోయాయి. ఏటా ఇంతేనని పక్క పొలం రైతు చెప్పారు. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.

1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారంతో కుదిరిన ఒప్పందాన్ని మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చు. అయితే మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే రద్దు కుదరదనే మినహాయింపు కూడా అక్కడే ఉంది. పక్క రైతును ముందే అడగాల్సిందని వాళ్లు వాదిస్తారేమో! తెలిసి చెప్పిన అబద్ధానికి ఈ మినహాయింపు వర్తించదని చదివాను. మరి ఆయనకు ముందే తెలుసని ఎలా నిరూపించాలి? పక్క రైతు సాక్ష్యం సరిపోతుందా? మిగతా డబ్బు కట్టమని ఒత్తిడి చేస్తున్నారు. కడితే ఒప్పందాన్ని అంగీకరించినట్టే అవుతుందని భయంగా ఉంది. ముందు లాయరు నోటీసు పంపాలా? దయచేసి తెలిసినవారు చెప్పండి.