బ్రాంచి డిపాజిట్లు తగ్గాయి: ఇష్యూ ట్రీలో మొదటి కొమ్మ ఏది కావాలి?

కొత్త కన్సల్టెంట్
నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. మా క్లయింటు ఒక బ్యాంకు. జిల్లా కేంద్రం కాని ఒక పాత పట్టణంలో వాళ్ల బ్రాంచి డిపాజిట్లు 2024 మార్చి 31న 118 కోట్లు ఉంటే, 2025 మార్చి 31కి 104 కోట్లకు దిగాయి (పేరు బయటపడకూడదని అంకెలు కాస్త మార్చాను). సమస్యను కొమ్మలు కొమ్మలుగా విడగొట్టి చూపే ఇష్యూ ట్రీ గీయమన్నారు. వడ్డీ రేటు, సేవ, పోటీ, ఖాతాదారుల అలవాట్లు అని నాలుగు కొమ్మలు గీశాను. మా మేనేజరు చూసి, "ఇది చెట్టు కాదు, కారణాల జాబితా" అన్నారు. ఎదురుగా తెరిచిన స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తోందని, అదే కారణమని బ్రాంచి మేనేజరు గట్టిగా చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మార్కెట్ పక్షి
ఇందులో చెట్టు గీయడానికి ఏముంది? జనం డబ్బు మ్యూచువల్ ఫండ్లకు పోతోంది. 2024 అక్టోబరులోనే నెలవారీ సిప్‌లు 25 వేల కోట్లు దాటాయి. డిపాజిట్లు తగ్గక ఏమవుతాయి? ఒక స్లైడు చాలు.

చెట్టుకొమ్మ
పక్షి గారూ, దేశం మొత్తానికి చెప్పే మాట ఒక పట్టణంలోని ఒక బ్రాంచికి సరిపోతుందని ముందే ఎలా అనుకుంటాం? ఇంకో సంగతి కూడా ఉంది. ఫండ్ కొన్న షేర్లను అమ్మినవాడి ఖాతాలోకి ఆ డబ్బు చేరుతుంది. అంటే బ్యాంకుల వ్యవస్థలోంచి అది మాయం కాదు, బ్రాంచి మారుతుంది. ఈ బ్రాంచికి నష్టం నిజమే కావచ్చు, కానీ ఎంత? అది ఖాతాల్లో చూడవచ్చు. సిప్ ప్రతి నెలా ఆటోమేటిక్‌గా కోత పడుతుంది కాబట్టి స్టేట్‌మెంటులో స్పష్టంగా కనిపిస్తుంది.

కొత్త గారూ, మీ మేనేజరు మాట సబబే. కారణాలతో మొదలుపెడితే ప్రతి కొమ్మ ఇంకో కొమ్మలోకి దూరుతుంది. పోటీ అన్నా వడ్డీ అన్నా చాలావరకు ఒకటే కదా. మొదటి వరుసలో కూడికలు, తీసివేతలు మాత్రమే పెట్టండి: ఏడాది మొదట్లో ఉన్నది, వేసిన వడ్డీ, కొత్త ఖాతాదారులు తెచ్చినది, పాత ఖాతాదారుల దగ్గర పెరిగింది లేదా తగ్గింది, పూర్తిగా వెళ్లిపోయినవాళ్లు తీసుకెళ్లింది. ఇవి కలిపితే 104 రావాలి. రాకపోతే చెట్టులో ఎక్కడో చిల్లు ఉన్నట్టు.

ఒక జాగ్రత్త. లెక్క ఖాతా నంబరు మీద కాదు, కస్టమర్ ఐడీ మీద వేయండి. ఎఫ్‌డీ గడువు తీరి మళ్లీ వేస్తే చాలా చోట్ల కొత్త నంబరు వస్తుంది. ఖాతాలను లెక్కపెడితే వెళ్లని మనిషి వెళ్లినట్టు, కొత్తవాడు వచ్చినట్టు కనిపిస్తుంది.

నెల్లూరు అమ్మాయి
డిపాజిట్లు తగ్గుతున్నాయంటే ఆ బ్రాంచి మూసేస్తారా? మా అమ్మ ఎఫ్‌డీ ఇలాంటి చిన్న ఊరి బ్రాంచిలోనే ఉంది. ఇప్పుడే తీసేయమంటారా?

రిటైర్డ్ మేనేజరు
కంగారు పడకండి అమ్మా, ఇక్కడ మాట్లాడుతున్నది ఆ సంగతి కాదు. బ్రాంచి మూసేసినా ఖాతా అదే బ్యాంకులో పక్క బ్రాంచికి మారుతుందే తప్ప డబ్బు ఎక్కడికీ పోదు. బ్యాంకే కూలినా, 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంది. అమ్మగారి డబ్బు అంతకన్నా ఎక్కువైతే రెండు బ్యాంకుల్లో పెట్టండి, చాలు.

ఇక అసలు ప్రశ్న. మార్చి 31 అంకెను నమ్మి చెట్టు గీయకండి. టార్గెట్ కోసం మార్చి చివరి వారంలో ఏ కాలేజీనో, ఏ ట్రస్టునో బతిమాలి పెద్ద మొత్తం వేయించుకోవడం, ఏప్రిల్ మొదటి వారంలో అది వెళ్లిపోవడం నా సర్వీసంతా చూశాను. ఏడాది సగటు రోజువారీ నిల్వ అడిగి తీసుకోండి. రెండోది, ప్రభుత్వ శాఖల ఖాతాలు వేరు చేయండి. కేంద్ర పథకాల డబ్బు ఒకప్పుడు జిల్లా, మండల అధికారుల ఖాతాల్లో నెలల తరబడి నిలిచేది. 2021 జులై నుంచి పథకానికి ఒకటే నోడల్ ఏజెన్సీ ఖాతా అన్నారు. కింద ఉన్నవి చాలావరకు జీరో బ్యాలెన్సు ఖాతాలయ్యాయి. తర్వాత వచ్చిన స్పర్శ్ పద్ధతిలో ఖర్చు చేసే సమయానికే డబ్బు విడుదలవుతుంది. ఆ నిల్వలు పోతే బ్రాంచి మేనేజరు చేయగలిగింది ఏమీ లేదు, వడ్డీ పెంచినా తిరిగి రావు.

సొసైటీ సీఈఓ
మాది గుంటూరు వైపు ఒక పరపతి సంఘం. మాకూ గత ఏడాది తగ్గాయి. కారణం చిట్టీలు, ప్లాట్లు. మిర్చి అమ్మిన డబ్బు వచ్చిన నెలలో ఉంటుంది, రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు చేరుతుంది. మీరు కూడా ముందు రియల్ ఎస్టేట్ చూడండి.

చెట్టుకొమ్మ
సీఈఓ గారూ, మీకు పంట డబ్బు ఉంది కాబట్టి నెలవారీ ఆటుపోట్లు పెద్దవి. అందుకే ఏ నెలను ఆ నెలతోనే పోల్చాలి. కొత్త గారి పట్టణం అలాంటిదో కాదో మనకు తెలియదు. ఆ ఊహను ఉంచుదాం, కానీ ఏం కనిపిస్తే దాన్ని వదిలేయాలో పక్కనే రాసి ఉంచుదాం.

కొత్త కన్సల్టెంట్
అందరికీ ధన్యవాదాలు. డేటా వచ్చింది. కస్టమర్ ఐడీ ప్రకారం కలిపితే లెక్క ఇలా తేలింది: 118, వడ్డీ 5 చేరింది, కొత్తవాళ్లు 9 తెచ్చారు, పూర్తిగా వెళ్లిపోయినవాళ్లు 7 తీసుకెళ్లారు, ఉన్నవాళ్ల దగ్గర నికరంగా 21 తగ్గింది. మొత్తం 104.

ఆ 21లో ప్రభుత్వ శాఖల ఖాతాలవి 8 కోట్లు. ఇంకో 5 కోట్లు ఒకే విద్యాసంస్థవి: 2024 మార్చి 29న వచ్చాయి, ఏప్రిల్ 8న వెళ్లాయి. రిటైర్డ్ మేనేజరు గారు చెప్పినట్టే ఉంది. మిగిలిన 8 కోట్లు కుటుంబాలవి, చిన్న వ్యాపారులవి. దానికి వెళ్లిపోయినవాళ్ల 7 కలిపితే, నిజంగా ఆరా తీయాల్సింది 15 కోట్లు.

సిప్ కోతలన్నీ కూడితే ఏడాదికి 40 లక్షలు కూడా లేవు.

మార్కెట్ పక్షి
సిప్ కాకపోతే ఒకేసారి పెట్టినవి ఉంటాయి. ఫండ్ యాప్‌లకు, షేర్ బ్రోకర్లకు పంపినవి కూడా వెతకండి.

కొత్త కన్సల్టెంట్
వెతికాను. పెద్ద మొత్తాల్లో కొన్ని ఉన్నాయి, అన్నీ కలిపినా కోటి దాటలేదు.

ఇప్పుడు వడ్డీ ఊహ. ఏడాదిలో గడువు తీరిన ఎఫ్‌డీలు 32 కోట్లు, మళ్లీ వేసినవి 22 కోట్లు. అంటే నూటికి 69. 30 కిలోమీటర్ల దూరంలో ఇదే బ్యాంకు ఇంకో బ్రాంచిలో నూటికి 84 మళ్లీ వేశారు. రెండు చోట్లా వడ్డీ పట్టిక ఒకటే. ఆ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు అక్కడా ఉంది. కాబట్టి వడ్డీ కొమ్మను కొట్టేయవచ్చా?

చెట్టుకొమ్మ
సగమే కొట్టేయవచ్చు. రెండు బ్రాంచీల మధ్య 15 పాయింట్ల తేడా వడ్డీ వల్ల వచ్చింది కాదు, అంతవరకు నిజం. వడ్డీ వల్ల రెండు చోట్లా సమానంగా తగ్గి ఉండవచ్చు కదా, దాన్ని ఈ పోలిక పట్టుకోలేదు. నివేదికలో ఆ వాక్యం అలాగే రాయండి, లేకపోతే బ్రాంచి మేనేజరు మొదటి ప్రశ్నగా అదే వేస్తారు.

ఇప్పుడు మళ్లీ వేయని ఆ 10 కోట్ల వెంట పడండి. గడువు తీరిన తర్వాత డబ్బు ఎవరి పేరుకు, ఏ బ్యాంకుకు వెళ్లింది? ఆర్టీజీఎస్, నెఫ్ట్ వివరాల్లో ఉంటుంది. ఖాతాదారును ఎందుకు వెళ్లారని అడిగితే వడ్డీ అనే చెబుతారు, అది మర్యాదైన జవాబు.

కొత్త కన్సల్టెంట్
చూశాను. అదే పేరుతో వేరే బ్యాంకుకు వెళ్లింది 3 కోట్లు. పిల్లల ఖాతాలకో, ఖాతాదారు చనిపోయాక వారసులకో వెళ్లింది 4.5 కోట్లు. అందులో 1.5 కోట్లు హైదరాబాద్, బెంగళూరుల్లోని ఈ బ్యాంకు బ్రాంచీలకే చేరాయి. మిగతా 2.5 కోట్లు నగదు, డీడీలు, కంపెనీల పేరిట చెల్లింపులు, ఏమిటో తేలలేదు. సీఈఓ గారి ప్లాట్లు అందులో ఉండవచ్చు.

రిటైర్డ్ మేనేజరు
ఆ 1.5 కోట్లు ఈ బ్రాంచికి పోయినా బ్యాంకుకు పోలేదు. చెట్టు పైనే "బ్యాంకు లోపలే మారింది" అని ఒక కొమ్మ ఉండాల్సింది.

పెద్దవాళ్ల ఊరు అది, నాకు అర్థమవుతోంది. డెత్ క్లెయిము కోసం అబ్బాయి వేరే ఊరినుంచి వస్తాడు. వారసత్వ కాగితాల కోసం రెండుసార్లు తిప్పుతారు. మూడోసారి వచ్చినప్పుడు మొత్తం తన ఖాతాకు పంపించుకుని వెళ్తాడు. ఆ రోజు కౌంటరులో ఉన్నవాడు, ఇక్కడే మీ పేరున వేసుకోండి అని ఒక్క మాట అనడు. మా రోజుల్లో ఎఫ్‌డీ రిజిస్టరు చూసి వారం ముందే ఫోను చేసేవాళ్లం. అలా చేసే ఆఫీసరు ఎవరైనా బదిలీ అయ్యారేమో అడగండి.

చెట్టుకొమ్మ
ఇప్పుడు రెండు ఊహలు ఎదురెదురుగా నిలిచాయి: ఖాతాదారుల వయసా, కౌంటరులో పనితీరా? రెండు బ్రాంచీల్లోనూ 60 ఏళ్లు దాటినవాళ్లను వేరు చేసి చూడండి. వయసే కారణమైతే, ఒకే వయసువాళ్ల మధ్య తేడా మాయం కావాలి.

కొత్త కన్సల్టెంట్
చేశాను. 60 దాటినవాళ్లలో మళ్లీ వేసింది ఇక్కడ నూటికి 62, అక్కడ 66. 60 లోపువాళ్లలో ఇక్కడ 78, అక్కడ 90. గడువు తీరిన మొత్తంలో పెద్దవాళ్ల వాటా ఇక్కడ నూటికి 56, అక్కడ 25. అక్కడి రేట్లనే ఇక్కడి వయసుల వాటాకు వర్తింపజేస్తే 84 కాస్తా 76.6 అవుతుంది. అంటే 15 పాయింట్లలో సగం వయసుది, సగం కాదు.

రెండో సగం ప్రధానంగా 60 లోపువాళ్లదే. ఫోను చేసే ఆఫీసరు 2024 జూన్‌లో బదిలీ అయ్యారట. జూన్‌కు ముందు, తర్వాత నెలలవారీగా చూద్దామంటే ముందు నెలల్లో గడువు తీరినవి చాలా కొద్ది, ఏమీ గట్టిగా చెప్పలేకపోతున్నాను.

సొసైటీ సీఈఓ
60 లోపువాళ్లు మొబైల్ యాప్‌లో వేస్తారు. యాప్‌లో ఎఫ్‌డీ వేసేటప్పుడే దానంతట అదే రెన్యువల్ అయ్యేలా పెట్టుకోవచ్చు, కౌంటరులో కాగితం మీద వేసేవాళ్లు ఆ సూచన ఇవ్వడం మరిచిపోవచ్చు. మీ పట్టణంలో యాప్ వాడకం తక్కువేమో చూశారా? ఆఫీసరును నిందించే ముందు అది తేల్చండి.

రిటైర్డ్ మేనేజరు
యాప్ అయితే గడువు తీరిన రోజే తీసేయడం కూడా సులువే కదా. నేను ఆఫీసరు వైపే మొగ్గుతాను.

కొత్త కన్సల్టెంట్
ఏ ఎఫ్‌డీ యాప్‌లో వేసింది, ఏది కౌంటరులో అనే వివరం అడిగాను. ఐటీ విభాగం నుంచి రావడానికి రెండు వారాలంటున్నారు. ప్రెజెంటేషన్ శుక్రవారం. ఆ కొమ్మను తేలనిదిగానే ఉంచి, 13 కోట్లు బ్రాంచి చేతిలో లేనివని, 15 కోట్లలో ఇంతవరకు తెలిసింది ఇదని పెడుతున్నాను.