32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి బాక్సులో 720p పెట్టాలా, 1080i పెట్టాలా?

భీమవరం బుల్లోడు
మాది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ, హెచ్‌డీ కేబుల్ బాక్సు, హెచ్‌డీఎంఐ వైరుతోనే కలిపాం. న్యూస్ పెడితే కింద స్క్రోలింగ్ సగం కోసుకుపోతోంది, బొమ్మ కూడా మసగ్గా ఉంటోంది. నాన్న రోజూ గొణుగుతున్నాడు. బాక్సులో ఇప్పుడు 720p ఉంది, 1080i చేస్తే రెండూ పోతాయా?

సతీష్_వరంగల్
720p లోనే ఉంచు తమ్ముడూ. నీ ప్యానెల్‌లో ఉండేది 1366 అడ్డం, 768 నిలువు చుక్కలు. 768కి దగ్గరగా ఉన్నది 720 ఏ కదా. 1080 పంపితే టీవీ దాన్ని కుదించాలి, అనవసరంగా దానికో పని. ప్యానెల్‌కి ఎంత దగ్గరగా పంపితే బొమ్మ అంత తక్కువ చెడుతుంది, సింపుల్ లెక్క.

పాత మెకానిక్
లెక్క బాగానే ఉంది సతీష్ గారూ, కానీ సగంలో మొదలుపెట్టారు. బొమ్మ 720 లో పుట్టలేదు. మన దగ్గర జెమినీ, ఈటీవీ, స్టార్ మా లాంటి హెచ్‌డీ ఛానెళ్లు వచ్చేది 1080i లో, 50 హెర్ట్జ్‌లో. బాక్సులో 720p పెడితే ముందు బాక్సు దాన్ని 1920x1080 నుంచి 1280x720కి కుదిస్తుంది. ఆ తర్వాత టీవీ దాన్ని 1366x768కి సాగదీస్తుంది, అంటే ప్రతి 15 చుక్కల్ని 16 చేయాలి. అలాంటి చిన్న సాగదీతలో సన్నటి గీతలూ అక్షరాల అంచులూ సరిగ్గా ఒక చుక్క మీద పడవు, రెండు చుక్కల మధ్య పంచుకుని బూజు పట్టినట్టు కనిపిస్తాయి. పైగా ఒకసారి 720కి కుదించినప్పుడు పోయిన వివరం మళ్లీ సాగదీస్తే తిరిగి రాదు. 1080i పంపితే టీవీ ఒక్కసారే కుదిస్తుంది, నేరుగా 768కి. కాబట్టి హెచ్‌డీ ఛానెళ్లకి మామూలుగా 1080i మేలు.

"మామూలుగా" అన్నాను, దాని సంగతి తర్వాత చెప్తాను. బుల్లోడూ, ముందు నువ్వొకటి చెప్పు, నాన్న చూసే న్యూస్ ఛానెల్ హెచ్‌డీనా, ఎస్‌డీనా?

గుంటూరు గృహిణి
మాకూ ఇదే సమస్య అండీ. హెచ్‌డీ బాక్సు తీసుకున్నాం, నెలనెలా హెచ్‌డీ ప్యాక్ కూడా కడుతున్నాం, అయినా పాత బాక్సుకీ దీనికీ తేడా ఏమీ లేదు. సెట్టింగ్‌లో 1080i అనే ఉంది. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు మా అబ్బాయి కొత్తది కూడా కొన్నాడు. ఇంకేం మార్చాలి?

కేబుల్ తమ్ముడు
అక్కా, మీ జబ్బు ఆ వైరులోనే ఉంది. పసుపు పిన్నులోంచి హెచ్‌డీ బొమ్మ రాదు, బాక్సులో ఏం పెట్టినా దాంట్లోంచి పాత 576 గీతల బొమ్మే వస్తుంది. ఒక హెచ్‌డీఎంఐ వైరు కొని టీవీలో సోర్స్ మార్చండి, తేడా వెంటనే తెలుస్తుంది. వైరు మామూలుదైతే చాలు, బంగారు పూత అని చెప్పి ఎక్కువ ధరకి అంటగడితే కొనకండి.

ఇక బుల్లోడి బాక్సు 720p లో ఎందుకుందో నేను చెప్తా. నేను ఫీల్డులోనే ఉంటాను. ఇంటింటికీ వెళ్లి టీవీ మోడల్ చూసి సెట్ చేసే టైం మాకు ఉండదు. 720p ప్రతి హెచ్‌డీ టీవీ తీసుకుంటుంది. 1080p పెడితే కొన్ని పాత హెచ్‌డీ రెడీ టీవీలు "సపోర్ట్ చేయదు" అని నల్లగా పోతాయి, గంటలో మాకు ఫోన్ వస్తుంది. అందుకే 720p పెట్టేసి వచ్చేస్తాం. బొమ్మ బాగుంటుందని పెట్టింది కాదు, మాకు మళ్లీ తిరుగుడు లేకుండా పెట్టింది.

సతీష్_వరంగల్
మెకానిక్ గారూ, మీరు కాగితం మీద చెప్తున్నారు. మా ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. క్రికెట్‌లో 1080i పెడితే స్కోరు పట్టీ మీద సన్న గీతలు వణుకుతున్నాయి, 720p లో కదలకుండా ఉన్నాయి. కళ్లతో చూసింది నమ్మాలా, లెక్క నమ్మాలా?

పాత మెకానిక్
కళ్లనే నమ్మండి. "మామూలుగా" అని నేను అట్టిపెట్టుకున్నది సరిగ్గా దీని గురించే. 1080i లో బొమ్మ ఒకేసారి పూర్తిగా రాదు. ముందు బేసి గీతలు 540, తర్వాత సరి గీతలు 540 వస్తాయి. మంచి టీవీ ఆ రెండింటినీ కలిపి అల్లి, ఆ తర్వాత 768కి కుదిస్తుంది. చౌక టీవీలు కొన్ని అల్లవు, ఒక వంతు వచ్చిన 540 గీతల్నే సాగదీసి చూపిస్తాయి, మరుక్షణం రెండో వంతుని అలాగే. అడ్డంగా ఉన్న సన్న గీత బేసి వరుసలో ఉంటే ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంది, మీకు వణుకులా తోచేది అదే. అలాంటి టీవీకి బాక్సే అల్లి, 720p గా చేసి పంపితే మేలు. అంటే అల్లే పని బాక్సు బాగా చేస్తుందా, టీవీ బాగా చేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. 720 అంకె 768కి దగ్గరగా ఉండటం వల్ల మీ బొమ్మ బాగుపడలేదు.

చూసుకోవడం తేలిక. నిజమైన హెచ్‌డీ ఛానెల్లో స్కోరు పట్టీగానీ, సన్న అడ్డగీతలున్న పట్టికగానీ కదలకుండా నిలబడినప్పుడు చూడాలి. 1080i లో వణికి 720p లో నిలబడితే 720p ఉంచుకోండి. రెండింట్లోనూ నిలబడితే 1080i పెట్టి చిన్న అక్షరాల అంచులు చూడండి.

భీమవరం బుల్లోడు
న్యూస్ ఛానెల్ ఎస్‌డీనే అండీ. మా ఆపరేటర్ దగ్గర దానికి హెచ్‌డీ నంబరే లేదు.

పాత మెకానిక్
అయితే నీ రెండు ఫిర్యాదులకీ కారణాలు వేరు. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు.

మసక సంగతి: ఎస్‌డీ ఛానెల్ 576 గీతలతో వస్తుంది, అందులో లేని వివరాన్ని 720p గానీ 1080i గానీ పుట్టించలేవు. బాక్సులో 576p అని ఉంటే ఒకసారి పెట్టి చూడు, అప్పుడు సాగదీసే పని టీవీ ఒక్కటే చేస్తుంది, కొన్ని టీవీల్లో అది కొంచెం నయం. కానీ హెచ్‌డీ సినిమా వచ్చినప్పుడల్లా మళ్లీ మార్చాలి, నాన్నతో ఆ పని అయ్యేది కాదు. దాని బదులు టీవీలో షార్ప్‌నెస్ తగ్గించు. అది ఎక్కువగా ఉంటే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వచ్చి ఎస్‌డీ బొమ్మ ఇంకా పాడుగా కనిపిస్తుంది.

కోత సంగతి: దానికి బాక్సు రిజల్యూషన్‌తో సంబంధం లేదు. చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన బొమ్మని కూడా కొంచెం పెద్దది చేసి అంచులు తెర బయటికి నెట్టేస్తాయి. గాజు బుడ్డి టీవీల కాలం అలవాటు, అప్పట్లో అంచుల్లో చెత్త కనబడకుండా అలా చేసేవాళ్లు. లెక్క చూడు: అడ్డంగా, నిలువుగా 5 శాతం చొప్పున పోతే 1920x1080 బొమ్మలో 1824x1026 మాత్రమే మిగులుతుంది, దాన్నే తెర నిండా సాగదీస్తుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవాళ్లకి ఇది మరీ నష్టం, ఎందుకంటే అక్కడ 1080 బొమ్మ చుక్కకి చుక్క సరిపోవాల్సింది, ఈ సాగదీతతో ఆ లాభం కాస్తా పోతుంది.

టీవీ మెనూలో Picture లోనో Aspect లోనో చూడు. ఎల్‌జీలో Just Scan అని, సామ్‌సంగ్‌లో Screen Fit లేదా Fit to Screen అని, సోనీలో Display Area కింద Full Pixel అని ఉంటుంది. కొన్ని టీవీల్లో ఇవేవీ దొరకవు, అప్పుడు ఆ హెచ్‌డీఎంఐ సోర్స్ పేరుని PC గా మార్చి చూడు, కొన్ని మోడళ్లు దాంతోనే కోత ఆపేస్తాయి.

కేబుల్ తమ్ముడు
ఇంకోటి కూడా చూడు అన్నా. బాక్సు రిమోట్‌లో బొమ్మ సైజు మార్చే బటన్ ఉంటుంది, పిల్లలు నొక్కేస్తారు. అందులో Zoom పడి ఉంటే టీవీలో ఎంత సరిచేసినా స్క్రోలింగ్ రాదు. బాక్సులో టీవీ రకం 16:9 అని ఉందో లేదో కూడా చూసుకో, 4:3 ఉంటే మనుషులు పొట్టిగా లావుగా వస్తారు. అలా వచ్చినా అలవాటైపోయి ఫిర్యాదు చేయని ఇళ్లు నాకు చాలా తెలుసు.

ఎడిసన్ ఎన్నారై
ఇక్కడ అమెరికాలో వేరే గోల. ఏబీసీ, ఫాక్స్ 720p లో, ఎన్‌బీసీ, సీబీఎస్ 1080i లో పంపుతాయి. అందుకని ఇక్కడ కొందరు బాక్సుని "నేటివ్"లో పెడతారు, ఛానెల్ ఎలా వస్తే అలాగే టీవీకి పంపుతుంది. మీ దగ్గర కూడా అది పెడితే ఈ గొడవే ఉండదు కదా?

పాత మెకానిక్
ఆ ఆప్షన్ మన కేబుల్ బాక్సుల్లో చాలావాటికి ఉండదు. ఉన్నవాటిలో ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి ఛానెల్ మార్చినప్పుడల్లా తెర కాసేపు నల్లబడుతుంది, వరసగా ఛానెళ్లు తిప్పే వాళ్లున్న ఇంట్లో అది నరకం.

భీమవరం బుల్లోడు
Just Scan దొరికింది. స్క్రోలింగ్ పూర్తిగా వస్తోంది! కానీ ఒక ఛానెల్లో పైన చివర్న తెల్లటి చుక్కలు, చిన్న గీతలు మినుకుమినుకుమంటున్నాయి. టీవీ పాడైందా అని నాన్నకి కొత్త టెన్షన్ పట్టుకుంది. బాక్సులో 1080i కూడా పెట్టాను, హెచ్‌డీలో సీరియల్ పేర్లు చూస్తే గీతలేమీ వణకట్లేదు.

పాత మెకానిక్
టీవీకి ఏం కాలేదు. ఎస్‌డీ ప్రసారంలో బొమ్మ ఆకారం గురించి టీవీకి చెప్పే సంకేతం ఒకటి పై గీతలో ఉంటుంది, ఆ ఛానెల్ వాళ్లు దాన్ని తుడవకుండా వదిలేసినట్టున్నారు. ఇన్నాళ్లూ కోత దాన్ని కప్పేసింది. సోనీ లాంటి వాటిలో కోత కొంచెం కొంచెంగా సర్దుకునే వీలుంటుంది, నీ టీవీలో అలా లేకపోతే ఆ గీతో, సగం స్క్రోలింగో ఏదో ఒకటి ఎంచుకోవాలి. వణుకు లేదంటున్నావు కాబట్టి 1080i అలాగే ఉంచు.

సతీష్_వరంగల్
సీరియల్ పేర్లలో వణుకు ఏం తెలుస్తుంది, క్రికెట్ పెట్టి చూడమను. హెచ్‌డీ రెడీకి 720p అనే నా మాట మీదే నేనుంటాను, నా దగ్గరున్న టీవీలో అదే బాగుంది.

కేబుల్ తమ్ముడు
అన్నా, నీ టీవీకి 720p, వాళ్ల టీవీకి 1080i, అంతే కదా ఆయన మొదట్నుంచీ చెప్పేది. బుల్లోడూ, ఒకటి గుర్తుపెట్టుకో, ఎప్పుడైనా పొరపాటున 1080p నొక్కి తెర నల్లబడితే కంగారుపడకు. చాలా బాక్సులు కొన్ని సెకన్లు ఆగి పాతదానికే వెనక్కొస్తాయి. రాకపోతే ఆ అక్క దగ్గరున్న ఎరుపు, తెలుపు, పసుపు వైరు పెడితే మెనూ కనబడుతుంది, 1080i కి మార్చి మళ్లీ హెచ్‌డీఎంఐ పెట్టుకో.