సేల్స్‌కీ ప్లాంట్‌కీ పడదు, మధ్యలో ఉన్నవాడు వేలు పెట్టాలా ఊరుకోవాలా?

ఎంఐఎస్_కుర్రాడు:
మాది హైదరాబాద్ శివార్లలో పీవీసీ పైపుల కంపెనీ. అకౌంట్స్ కింద ఎంఐఎస్ చూస్తాను, మూడేళ్లయింది. ప్రతి నెలా 25 దాటిందంటే ఒకటే రభస. సేల్స్‌వాళ్లేమో "ప్లాంట్ సరుకివ్వట్లేదు, డీలర్లు పక్క కంపెనీకి పోతున్నారు" అంటారు. ప్లాంట్‌వాళ్లేమో "నెలంతా నిద్రపోయి ఆఖరి వారం ఆర్డర్లు గుమ్మరిస్తే మేమేమైనా మంత్రగాళ్లమా" అంటారు. ఇదంతా ఎండీ ఉన్న వాట్సాప్ గ్రూపులోనే. పోయిన నెల సేల్స్ జీఎం పిలిచి ప్లాంట్ ఎంత లేటో చూపించే రిపోర్ట్ అడిగారు. మర్నాడే ప్లాంట్ హెడ్ పిలిచి ఆర్డర్లే లేటుగా వస్తున్నాయని తేలే రిపోర్ట్ అడిగారు. రెండూ ఇచ్చాను, రెండూ నిజమే! ఇప్పుడు ఇద్దరికీ నా మీద అనుమానం. నేను ఏమైనా చేయగలనా, నోరు మూసుకుని నా పని చూసుకోవాలా?

పాత_కాపు:
నోరు మూసుకో తమ్ముడూ. సేల్స్‌కి బిల్లింగ్ మీద ఇన్సెంటివ్, ప్లాంట్‌కి టన్నుల మీద ఇన్సెంటివ్. ఆ రెండూ పెట్టింది ఎండీ. ఆయన మార్చనంతకాలం నువ్వు ఎన్ని ఎక్సెల్ షీట్లు చేసినా ఇదే తంతు. మా దగ్గర ఇలాగే ఒకడు మధ్యవర్తిత్వానికి వెళ్లాడు, ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు. వాళ్లిద్దరూ ఒక్కటైంది ఆ ఒక్కసారే.

గేటు_దగ్గరి_మనిషి:
పాత కాపు గారు ఇన్సెంటివ్ గురించి చెప్పింది కరెక్టే, కానీ సగమే. ఇన్సెంటివ్ మారకపోయినా తగ్గే గొడవ చాలా ఉంది.

రెండు రిపోర్టులూ నిజమే అన్నావు చూడు, అక్కడే ఉంది అసలు సంగతి. నేను 14 ఏళ్లు పైపుల కంపెనీలోనే డిస్పాచ్ ప్లానింగ్ చూశాను. ఎవరూ అబద్ధం చెప్పరు, రోజులు లెక్కపెట్టడం మాత్రం తలా ఒక చోట మొదలుపెడతారు. ఒక్క ఆర్డర్ కథ చెప్తాను. డీలర్ సోమవారం ఫోన్ చేశాడు. సేల్స్ అబ్బాయి ఫుల్ లోడ్ అవుతుందని అదే రూట్లో ఇంకో డీలర్ ఆర్డర్ కోసం ఆగి, బుధవారం సిస్టమ్‌లో ఎక్కించాడు. మొదటి డీలర్‌ది పాత బిల్లు ఒకటి గడువు దాటి ఉంది కాబట్టి ఆర్డర్ క్రెడిట్ దగ్గర ఆగింది, శుక్రవారం డబ్బు పడ్డాక వదిలారు. ప్లాంట్‌వాళ్లకి అది కనబడిందే శుక్రవారం సాయంత్రం. లారీ తర్వాతి మంగళవారం గేటు దాటింది. డీలర్‌కి 8 రోజులు, ప్లాంట్‌కి 4 రోజులు. ఇద్దరూ తమ లెక్క పట్టుకుని మీటింగ్‌కి వస్తే కొట్టుకోక ఏం చేస్తారు?

కాబట్టి నువ్వు చేయగలిగింది ఒక్కటే: ఒకే ఆర్డర్‌కి ఐదు తేదీలు ఒకే వరుసలో పెట్టు. డీలర్ అడిగిన రోజు, సిస్టమ్‌లో ఎక్కిన రోజు, క్రెడిట్ వదిలిన రోజు, సరుకు రెడీ అయిన రోజు, లారీ గేటు దాటిన రోజు. ఆఖరిది సెక్యూరిటీ రిజిస్టర్ నుంచే తీసుకో, ఆ పుస్తకంతో ఎవరికీ పేచీ ఉండదు. మొదటిది డీలర్ పంపిన వాట్సాప్ మెసేజ్ చూసి రాయి, సేల్స్ అబ్బాయిని జ్ఞాపకం అడగొద్దు. ఆర్డర్లు నువ్వు ఏరుకోకు. నెల మధ్యలో ఒక వారం, ఆఖర్లో ఒక వారం మొత్తంగా తీసుకో, లేకపోతే "నీకు కావలసినవి తీశావు" అంటారు. మనుషుల పేర్లు షీట్లో ఎక్కడా రాకూడదు. "కారణం" కాలమ్ పెట్టు గానీ ఖాళీగా వదిలెయ్, వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నింపాలి. నువ్వు నింపావంటే తీర్పు చెప్పినవాడివవుతావు, ఇక నీ మాట ఎవరూ వినరు.

ఇంకొకటి. ఆ షీట్ గ్రూపులో మాత్రం వేయకు. ముందు జీఎంకి విడిగా, ప్లాంట్ హెడ్‌కి విడిగా, ఒకే రోజు చూపించు. మీటింగ్‌లో మొదటిసారి చూసిన అంకెను ఏ మనిషీ ఒప్పుకోడు.

గుంటూరు_రూట్:
నేను సేల్సే, ఏరియా మేనేజర్. డీలర్ మెసేజ్ తేదీ నుంచి లెక్క అంటే మా మెడకే చుట్టుకుంటుంది కదండీ? సరే, నిజం మాట్లాడుకుందాం. మేం ఎందుకు ఎక్కువ రాస్తామో ఎవరికీ పట్టదు. ఎండాకాలంలో బోర్లు వేసే సీజన్లో కేసింగ్ పైపు 100 అడిగితే 60 వస్తుంది. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి నేను 160 రాశాను. అవును, దొంగ ఆర్డరే. ఏం చేయమంటారు, బోరు బండి పొలంలో నిలబడి ఉంటుంది, రైతు డీలర్ షాపు ముందు కూర్చుంటాడు, డీలర్ నా ఫోన్ మోగిస్తూనే ఉంటాడు. ప్లాంట్‌లో ఏసీ రూములో కూర్చున్నవాళ్లకి ఆ ఫోన్ రాదు.

షిఫ్ట్_బి:
ఏసీ రూమా? ఒకసారి మే నెలలో ఎక్స్‌ట్రూడర్ పక్కన నిలబడండి సార్, తర్వాత మాట్లాడుకుందాం.

మీరు 160 రాస్తారని మా ప్లానింగ్ సార్‌కి తెలుసు. అందుకే 100 తయారు చేయిస్తారు. ఆయన 100 చేయిస్తారని మీకు తెలిసి 200 రాస్తారు. చివరికి నిజంగా 160 కావాల్సి వచ్చిన నెల ఎవరూ నమ్మరు. ఇంకో సంగతి, సైజు మార్చడమంటే స్విచ్ నొక్కడం కాదు. డై విప్పాలి, లోపలి మాండ్రెల్ మార్చాలి, హీటర్లు మళ్లీ వేడెక్కాలి, గోడ మందం అన్ని వైపులా సమంగా వచ్చేదాకా వచ్చిన పైపంతా గ్రైండింగ్‌కే. మా లైన్‌లో నాలుగైదు గంటలు పోతుంది. మీరు పొద్దున "అర్జెంట్ 63", మధ్యాహ్నం "కాదు, ముందు 90" అంటే ఆ రోజు షిఫ్టులో మేం చేసేది స్క్రాప్.

ఒప్పుకోవాల్సింది ఒకటి మా వైపూ ఉంది. టన్నుల లెక్క కాబట్టి లావు పైపు నడిపితే గంటలో బరువు వచ్చేస్తుంది. సన్న పైపు రోజంతా నడిపినా తూకం రాదు. అందుకని 20, 25 ఎంఎం ఆర్డర్లు రేపటికి, ఎల్లుండికి జరుగుతూ ఉంటాయి. ఈ మాట మా మీటింగుల్లో ఎవరూ అనరు.

గేటు_దగ్గరి_మనిషి:
షిఫ్ట్ బి గారూ, ఈ ఒక్క మాట చాలు, గొడవలో సగం ఇదే.

దీనికి తోడు లోడింగ్ సంగతి సేల్స్‌లో చాలామందికి తెలీదు. పైపు లోపల గాలే కాబట్టి లారీ బరువుతో కాదు, చోటుతో నిండిపోతుంది. అందుకే హమాలీలు 110లోకి 75, 90లోకి 63 దూర్చి ఎక్కిస్తారు, కిరాయి గిట్టుబాటయ్యేది అలాగే. ఇప్పుడు ఆర్డర్లో నాలుగు సైజులుండి 63 ఒక్కటే రెడీ కాలేదనుకోండి, 90 కట్టలు సిద్ధంగా ఉన్నా లారీ ఎక్కవు, ముందు లోపలిది దూరాలి కదా. సేల్స్ అబ్బాయి యార్డుకొచ్చి 90 కట్టలు చూసి "సరుకుంది, పంపట్లేదు" అని ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. మా దగ్గర ఇలాంటి ఒక్క ఫోటోకి రెండు నెలలు మాటల్లేవు. చివరికి ఆ అబ్బాయిని ఒక రాత్రి లోడింగ్ అయ్యేదాకా యార్డులో కూర్చోబెట్టాం, డిస్పాచ్ కుర్రాడిని మూడు రోజులు డీలర్ల దగ్గర తిప్పాం. ఇద్దరూ స్నేహితులేం అయిపోలేదు గానీ ఫోటోలు ఆగాయి.

కోడ్_బాబు:
మా దగ్గరా సేమ్ అన్నా. సేల్స్‌వాళ్లు క్లయింట్‌కి లేని ఫీచర్ అమ్మేసి వస్తారు, డెవలపర్లు శనివారాలు కూర్చుని రాయాలి. సేల్స్ కాల్‌లో ఒక టెక్ మనిషి ఉండాలని రూల్ పెట్టించండి, సెట్ అయిపోతుంది.

పాత_కాపు:
బాబూ, వాళ్లు అమ్ముతున్న పైపు ఉంది. లేటుగా వస్తోంది, అంతే. అది వేరు, ఇది వేరు.

గుంటూరు_రూట్:
యార్డు లోడింగ్ ముక్క నిజంగా నాకు తెలీదు. 9 ఏళ్లుగా అమ్ముతున్నాను, ఒక్కరూ చెప్పలేదు. కానీ అర్జెంట్ అన్నది ఉండకూడదంటే కుదరదండీ. కేసింగ్ పైపు ప్లాన్ చూసుకుని రాదు.

గేటు_దగ్గరి_మనిషి:
ఉండకూడదని ఎవరన్నారు? లెక్క ఉండాలి. మేం వచ్చే మూడు రోజుల ప్లాన్ కదపకూడదని పెట్టుకున్నాం. ఏరియాకి వారానికి ఒక్క అర్జెంట్, అది ఏ ఆర్డర్‌కి వాడుకోవాలో ఏరియా మేనేజరే చెప్పాలి. అంతకుముందు రోజుకి పది "అర్జెంట్లు" వచ్చేవి, ఒక్కటే అనేసరికి నిజంగా ఏది అర్జెంటో వాళ్లకే తెలిసింది. అయితే సీజన్ ముదిరినప్పుడు ఇది పట్టు తప్పింది, అది దాచను. ఏప్రిల్‌లో ఎండీయే ఫోన్ చేసి నాలుగు అర్జెంట్లు దూర్చారు.

ఎంఐఎస్_కుర్రాడు:
రెండు వారాల తర్వాత వస్తున్నాను. షీట్ చేశాను, రెండు వారాల్లో 41 ఆర్డర్లు వచ్చాయి. ఇద్దరికీ విడివిడిగా చూపించాను. ప్లాంట్ హెడ్ మొదట డీలర్ మెసేజ్ కాలమ్ మీద గొణిగారు, జీఎం సరుకు రెడీ కాలమ్ మీద గొణిగారు. తర్వాత ఇద్దరూ ఒకే చోట ఆగిపోయారు. 41లో 17 ఆర్డర్లు అన్ని చోట్లకంటే ఎక్కువ రోజులు కూర్చుంది క్రెడిట్ దగ్గర. అంటే మా డిపార్ట్‌మెంట్. అందులో 6 ఆర్డర్లకి డబ్బు ముందే బ్యాంకులో పడింది, మా వాళ్లు డీలర్ ఖాతాలో ఎక్కించడమే ఆలస్యం. ఒక శనివారం పడిన డబ్బు బుధవారం ఎక్కించారు. ఎక్కించాల్సిన మనిషి నా పక్క సీటే.

మిగతావాటిలో సన్న పైపులవి ప్లాంట్ దగ్గరే ఆగాయి, షిఫ్ట్ బి గారు చెప్పినట్టే. నెలాఖరు ఆర్డర్ల సంగతి మారలేదు. కొన్నదాన్ని బట్టి డీలర్‌కి దక్కే స్కీమ్ స్లాబ్ నెలాఖరుకే తేలుతుంది కదా, దాన్ని మార్చడం ఎండీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. మా అకౌంట్స్ మేనేజర్ ఆ క్రెడిట్ కాలమ్ తీసేయమంటున్నారు, "అది ఆపరేషన్స్ విషయం కాదు" అని. నా అప్రైజల్ ఆయన చేతిలోనే ఉంది.

పాత_కాపు:
చెప్పానా లేదా? తీసెయ్.

షిఫ్ట్_బి:
తీసేస్తే మళ్లీ ఆ రోజులన్నీ మా నెత్తినే పడతాయి. తీయకండి.

గేటు_దగ్గరి_మనిషి:
తీయకు, కానీ ఆయనతో పోట్లాడకు కూడా. ఆ కాలమ్‌ని రెండు చేయి: "డీలర్ డబ్బు రావాల్సిన రోజులు", "డబ్బు వచ్చాక మన దగ్గర పట్టిన రోజులు". మొదటిది ఆయన తప్పు కాదని షీటే చెబుతుంది, దానికి ఆయన సంతోషిస్తారు. రెండోది వచ్చే వారం నుంచే తగ్గించుకుని, తగ్గిన తర్వాత అంకెతోనే మీటింగ్‌కి వెళ్లే అవకాశం ఆయనకివ్వు. మాట వింటారో లేదో నేను చెప్పలేను, మా దగ్గర ఒక మేనేజర్ విన్నారు, ఇంకొకరు వినలేదు.

గుంటూరు_రూట్:
ఆ 6 ఆర్డర్లలో మా రూటువి ఏమైనా ఉన్నాయా? ఒక డీలర్ నెల రోజులుగా నాతో మాట్లాడట్లేదు.