‘దీని తేడా దానికి, దాని తేడా దీనికి’ – ఇందులో ‘ఇది’ ఏది?

ఉప్పుటేరు (సింగరాయకొండ):
అందరికీ నమస్కారం. మా నాయన పాత నోటుబుక్కులో ఒక పేజీ దొరికింది. ఎడమ పక్కన పైన 20, కింద 5, మధ్యలో 8 రాసి దాని చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టారు. కుడి పక్కన పైన 3, కింద 12. మూలనుంచి మూలకి రెండు గీతలు, కత్తెర గుర్తులాగా. కింద "ఉప్పు నీళ్లు, 30 కేజీలు" అని ఉంది, దాని కింద ఈ వాక్యం: "దీని తేడా దానికి, దాని తేడా దీనికి". లెక్క సంగతి తర్వాత, ముందు ఈ వాక్యంలో ‘దీని’ అంటే ఏది? 20కి 8కి తేడా 12. మరి ఆ 12, 20 పక్కనే ఉండాలి కదా, కింద 5 పక్కన ఎందుకుంది?

పదాల పిచ్చి:
వ్యాకరణం ప్రకారం ‘ఇది’ దగ్గరున్నది, ‘అది’ దూరంగా ఉన్నది. కాగితం మీద రెండూ మీకు సమాన దూరంలోనే ఉన్నాయి కాబట్టి ఏది అనుకున్నా ఒకటే. వాక్యం రెండు సగాలూ అద్దంలో చూసినట్టు ఉన్నాయి చూడండి, ‘ఇది’ని ‘అది’ చేసినా అర్థం మారదు. రాసినాయన తెలివైనవాడు.

నెల్లూరు కుర్రోడు:
దీన్నే అలిగేషన్ అంటారు కదా, గాఢమైనదీ పల్చనిదీ ఏ పాళ్లలో కలపాలో తేల్చే లెక్క, బ్యాంకు పరీక్షల్లో వస్తుంది. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఎవరో ఎవరి మీదో అలిగారనుకున్నా 😀

పదాల పిచ్చి:
అలగడానికి సంబంధం లేదు తమ్ముడూ, కట్టివేయడం అనే అర్థమున్న లాటిన్ మాట అది. రెండింటినీ కలిపి కట్టే గీతలు ఉన్నాయి కదా, ఆ లెక్కన.

ట్యూషన్ సార్ (ఒంగోలు):
ఇంత ఆలోచించే పనే లేదు. గాఢంగా ఉన్నదాని పక్కన చిన్న అంకె, పల్చగా ఉన్నదాని పక్కన పెద్ద అంకె వెయ్యాలి. 20 దగ్గర 3, 5 దగ్గర 12. అంటే ఒక భాగం గాఢమైనది, నాలుగు భాగాలు పల్చనిది. మా పిల్లలకి ఇదే చెప్తాను, ఎప్పుడూ తప్పు పోలేదు.

పాత కాంపౌండర్:
సార్, ఈ లెక్కకి అది సరిపోయింది, ఎందుకంటే 8 అనేది 5కి దగ్గరగా ఉంది. అదే 20, 5 కలిపి 16 చెయ్యమంటే? 20కి 16కి తేడా 4, అది 5 దగ్గరకి పోతుంది; 16కి 5కి తేడా 11, అది 20 దగ్గరకి వస్తుంది. అప్పుడు గాఢమైనదే ఎక్కువ పొయ్యాలి. మీ సూత్రం పట్టుకుంటే 4 భాగాలు గాఢమైనది, 11 భాగాలు పల్చనిది పోసి 9 శాతం దగ్గర తేలతారు. కావలసిన అంకెకి ఏది దగ్గరగా ఉంటే అది ఎక్కువ పడుతుంది, అంతే.

ఉప్పుటేరు గారూ, తేడా అటుది ఇటు ఎందుకు పోతుందో చెప్తాను, ఇది తెలిస్తే వాక్యం దానంతటదే తెలుస్తుంది. 20 శాతం నీళ్లు ఒక కేజీ తీసుకుంటే అందులో ఉప్పు 200 గ్రాములు. మనకి కేజీకి 80 గ్రాములే కావాలి, అంటే 120 గ్రాములు ఎక్కువ. 5 శాతం నీళ్లు ఒక కేజీలో ఉప్పు 50 గ్రాములు, అంటే 30 గ్రాములు తక్కువ. ఒక కేజీ గాఢమైనది తెచ్చే ఆ 120 గ్రాముల మిగులుని మింగాలంటే పల్చనివి నాలుగు కేజీలు కావాలి. దీని మిగులు ఎంతుందో దాన్నిబట్టి అది ఎంత కావాలో తేలుతుంది. అందుకే దీని తేడా దానికి. 30 కేజీలకి ఆరు కేజీలు గాఢమైనది, ఇరవై నాలుగు కేజీలు పల్చనిది. సరిచూసుకోవాలంటే రెండింట్లో ఉప్పు కూడండి: ఆరు కేజీల్లో 1.2, ఇరవై నాలుగు కేజీల్లో 1.2, మొత్తం 2.4 కేజీలు, 30 కేజీలకి అది 8 శాతమే.

నెల్లూరు కుర్రోడు:
అన్నా, మా ల్యాబులో అచ్చం ఇలాగే కలిపితే 8 రాలేదు, 7 చిల్లరే వచ్చింది. లీటరు నీళ్లలో 200 గ్రాముల ఉప్పు వేసి 20 శాతం చేసుకుని, దాన్ని కలిపాం.

పాత కాంపౌండర్:
దెబ్బ అక్కడే పడింది. లీటరు నీళ్లలో 200 గ్రాములు వేస్తే మొత్తం బరువు 1200 గ్రాములు అయింది, అందులో 200 అంటే 16.7 శాతమే. 20 శాతం కావాలంటే 800 గ్రాముల నీళ్లకి 200 గ్రాముల ఉప్పు వెయ్యాలి. ఆరు కేజీలు 16.7ది, ఇరవై నాలుగు కేజీలు 5ది కలిపితే 7.3 వస్తుంది, నువ్వు చూసింది అదే. కత్తెర గీతలు తప్పు చెప్పవు, వాటికి ఇచ్చిన అంకెలు తప్పు.

ట్యూషన్ సార్ (ఒంగోలు):
ఆసుపత్రుల్లో 0.9 శాతం సెలైన్ అంటే వంద మిల్లీలీటర్లలో 0.9 గ్రాములు కదా, అక్కడ బరువుకి బరువు చూడరు. మరి మీరు ఒక్కటే పద్ధతి సరైనదంటే ఎలా?

పాత కాంపౌండర్:
ఒక్కటే అనలేదు సార్. అక్కడ శాతం మిల్లీలీటర్లమీద కాబట్టి కొలతా మిల్లీలీటర్లలోనే. ఉప్పు నీళ్లకి అలా చేసినా తేడా దాదాపు రాదు. బరువు మీద చెప్పిన శాతాన్ని లీటర్లతో కొలిస్తేనే ఇబ్బంది, ఆరు లీటర్లు 20ది, ఇరవై నాలుగు లీటర్లు 5ది పోస్తే 8 బదులు 8.3 దాకా పోతుంది, గాఢమైన నీళ్లు లీటరుకి బరువెక్కువ కాబట్టి.

కావలి చెరువు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా రొయ్యల గుంటలో సెలినిటీ 18 ఉండాది, 12 చెయ్యాల. బోరు నీళ్లు 3. నీళ్లు అయిదడుగులు ఉండాయి. ఈ కత్తెర లెక్క దీనికి పనికొస్తుందా? ఇది శాతం కాదు, పీపీటీ, అంటే వెయ్యికి ఇన్ని పాళ్లని.

పాత కాంపౌండర్:
రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు, పనికొస్తుంది. 12లోంచి 3 పోతే 9, అది గుంట నీళ్లకి. 18లోంచి 12 పోతే 6, అది బోరు నీళ్లకి. మూడు పాళ్లకి రెండు పాళ్లు. అంటే రెండడుగులు తూము వదిలేసి, మూడడుగుల మీద రెండడుగుల బోరు నీళ్లు పెట్టాలి. గట్లు వాలుగా ఉంటాయి కాబట్టి పైన అడుగుకి కింద అడుగుకంటే నీళ్లెక్కువ పడతాయి, అది గుర్తుంచుకోండి.

రొయ్య ఉన్నప్పుడు ఒక్కసారే అంత దించకండి, తట్టుకోదు. అయితే విడతలుగా చేస్తే లెక్క మారుతుంది. అడుగు తీసి అడుగు పెడితే 15 అవుతుంది. మళ్లీ అడుగు తీసి అడుగు పెడితే 12 రాదు, 12.6 వస్తుంది. రెండోసారి తీసేటప్పుడు మీరు పెట్టిన బోరు నీళ్లు కూడా కొంత బయటికి పోతాయి కదా. ఆ మిగతా కాస్తకి ఇంకో నాలుగంగుళాల దాకా మార్చాలి.

పదాల పిచ్చి:
"మూడు పాళ్లకి రెండు పాళ్లు" – ఇది బాగుంది. నిష్పత్తి అనే మాట రాకుండానే పని జరిగిపోయింది. ఉప్పుటేరు గారూ, మీ నాయనగారు ఈ వాక్యం ఎక్కడ నేర్చుకున్నారో తెలుసా? పక్క ఊళ్లలో ఇంకెవరన్నా విన్నారా?

ఉప్పుటేరు (సింగరాయకొండ):
తెలియదండీ, అడగడానికి ఆయన లేరు. మా అత్తేమో ఇది బంగారం పని చేసేవాళ్ల మాట అంటోంది, మేలిమి, కల్తీ కలిపేటప్పుడు. నాకు నమ్మకం లేదు.

కావలి చెరువు:
ఇంకొక్కటి. బోరు 3 అన్నది పోయిన వానాకాలం చూసింది. ఇప్పుడు 5 ఉంటే?

పాత కాంపౌండర్:
అప్పుడు 7 పాళ్లు గుంటవి, 6 పాళ్లు బోరువి. ఒక్కసారిగా చేసినా మూడడుగుల బదులు 2.7 అడుగులే ఉంచాలి. సముద్రం పక్క బోరు ఎండలకి ఉప్పెక్కుతుంది, తూము తీసేముందు మళ్లీ చూసుకోండి.

కావలి చెరువు:
సరేనన్నా, మీటరు మా బామ్మర్ది కాడ ఉండాది, తెప్పిస్తా.