ఎ. 2-15 అంటే ఇంగ్లీషులో ఎంత రాయాలి?

కరీంనగర్_బిడ్డ: నాన్న 1986లో కొన్న పొలం దస్తావేజును బెంగళూరు లాయరు కోసం ఇంగ్లీషులోకి మార్పించాను. అసలులో "ఎ. 2-15" అని ఉంది, అనువాదంలో 2.15 ఎకరాలని వచ్చింది. "దక్షిణం: నా మిగతా భూమి" అన్నది "మై రిమైనింగ్ ల్యాండ్" అయ్యింది. రెండూ సరేనా?

కృష్ణాతీరం: సరే కదా. రెండెకరాల పదిహేను సెంట్లు, అంటే 2.15. దీనికెందుకు టెన్షన్?

పాత_దస్తావేజు: అన్నా, సెంట్లు మీ వైపు లెక్క. కరీంనగర్‌లో గుంటలు, ఎకరానికి నలభై. రెండెకరాల పదిహేను గుంటలంటే 95 గుంటలు, 2.375 ఎకరాలు. 2.15 అని రాస్తే 86 గుంటలే అవుతుంది. తొమ్మిది గుంటలు, అంటే 1089 గజాలు కాగితం మీద పోయినట్టే. గీత తర్వాత 39 దాటిన అంకె ఉంటే గుంటలు కావని ఎవరికైనా తెలుస్తుంది. ఇక్కడ 15 కాబట్టి రెండు రకాలుగానూ చదవొచ్చు, అందుకే ఊరు చూడాలి.

కృష్ణాతీరం: ధరణి కాగితంలో కూడా 2.1500 అనే చూశాను నేను. ప్రభుత్వమే చుక్క పెడితే మీరెవరు కాదనడానికి?

పాత_దస్తావేజు: ఆ గడి పైన "ఎ.గుం" అని ఉంటుంది, చూడండి. చుక్కకు అవతల ఉన్నవి గుంటలే.

గుంటూరు_సుబ్బులు: అంకెలు వదిలేయండి, మా గోడు వినండి. మా దస్తావేజులో "తూర్పు: డొంక" అని ఉంటే అనువాదకుడు రోడ్డు అని రాశాడు. రోడ్డు పక్క బిట్టనుకుని బ్యాంకు విలువ కట్టింది, తీరా మనిషి వచ్చి చూస్తే వానాకాలం మోకాలి లోతు బురదలో ఎడ్లబండి పోయే దారి. లోను ఆగిపోయింది.

పాత_దస్తావేజు: డొంక అనే ఉంచి, పక్కన "కార్ట్ ట్రాక్" అని రాస్తే చాలు మేడమ్.

కృష్ణాతీరం: మరి "నా మిగతా భూమి" సంగతి? నాకయితే ఇప్పుడు ఆ పక్క చేను ఎవరిదో వాళ్ల పేరు రాయడమే న్యాయం. లాయరుకు అర్థం కావాలిగా!

పాత_దస్తావేజు: అయ్యా, అది అనువాదం కాదు, కొత్త దస్తావేజు రాయడం! 1986 నాటి హద్దును మీరు ఈరోజు మార్చేస్తారా? అమ్మినాయన తన చేనులో ఒక ముక్క అమ్మి, మిగతాది ఉంచుకున్నాడని చెప్పేది ఆ మాటే. ఇంగ్లీషులో "మై" అంటే కొన్నవాడిదో అమ్మినవాడిదో తెలీదు, "వెండర్స్ రిమైనింగ్ ల్యాండ్" అని రాయాలి. ఇప్పటి యజమాని పేరు వేరే కాగితంలో ఇవ్వండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టు సాధారణంగా హద్దులనే పట్టుకుంటుంది, అందుకే అంత జాగ్రత్త.

కృష్ణాతీరం: అంటే చదివేవాడికి అర్థం కాకపోయినా ఉన్నది ఉన్నట్టు దించేయాలంటారు. మరి గుంటల్ని 2.375 చేయమన్నది మీరే కదా!

పాత_దస్తావేజు: చేయమనలేదు. "2 ఎకరాల 15 గుంటలు" అని రాసి, ఎకరానికి 40 గుంటలని అడుగున సంతకంతో గమనిక పెట్టాలి. లెక్క గట్టడం లాయరు పని.

కరీంనగర్_బిడ్డ: ఆ గమనిక పెడితే అనువాదకుడు సొంత మాట కలిపాడని అవతలి పక్షం అంటుందేమోనని మా లాయరు భయం. మధ్యలో గట్టు కూడా లేదు, దక్షిణం గీత ఎక్కడో తేల్చడానికి టిప్పన్ అనే పాత సర్వే కొలతల పటం తీయించి సర్వేయరుతో కొలిపించమన్నారు.