‘పియాచెరె’ అంటే ఇష్టపడటమా, నచ్చడమా?

కొత్తపాఠం: ఒక ఇటాలియన్ కథను తెలుగు చేస్తున్నాను. ఈ వాక్యం దగ్గర ఆగాను: “మార్కొ పియాచె ఆ తుత్తె, మ ఆ లూయి పియాచె సోలొ జూలియ.” ‘పియాచెరె’కి నిఘంటువులో ఇష్టపడటం అని ఉంది. ఆ లెక్కన “మార్కో అందరినీ ఇష్టపడతాడు, కానీ అతన్ని జూలియా ఒక్కతే ఇష్టపడుతుంది” అని వస్తోంది. తర్వాతి పేరాలో చూస్తే వీధిలో అమ్మాయిలంతా మార్కో కోసం ఎదురుచూస్తుంటారు, అతనేమో జూలియా ఇంటివైపు చూస్తుంటాడు. అర్థం తలకిందులైందని తెలుస్తోంది, ఎక్కడ అయిందో తెలియడం లేదు.

సరిగమ: ‘పెర్ పియాచెరె’ అంటే ‘దయచేసి’ కదండీ? పరిచయమైనప్పుడు కూడా చెయ్యి కలిపి ‘పియాచెరె’ అంటారు. ఇక్కడ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒత్తక్షరం: సరిగమ గారూ, మీరు చెప్పింది నామవాచకం. సంతోషం, ఆనందం అని దాని అర్థం. పరిచయంలో “కలిసినందుకు సంతోషం” అన్నట్టు. కొత్తపాఠం గారి వాక్యంలో ఉన్నది క్రియ.

కొత్తపాఠం గారూ, ఇష్టపడటం అన్న అర్థం ఇంగ్లీషు మీదుగా వచ్చింది. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త, ఇష్టమైనది కర్మ. ఇటాలియన్‌లో ఇష్టమైనదే కర్త. ఎవరికి ఇష్టమో ఆ మనిషి పక్కన ‘ఆ’ వస్తుంది, మన ‘కు’లాగే. ఇది మనకు కొత్త కాదు. “నాకు కాఫీ నచ్చింది” అన్నప్పుడు క్రియ కాఫీని బట్టి నడుస్తుంది, ‘నేను’ను బట్టి కాదు. కాబట్టి ‘పియాచెరె’ని ‘నచ్చు’ అని చదువుకోండి.

ఇప్పుడు మీ వాక్యంలో ‘ఆ’ ఎక్కడుందో చూడండి. మొదటి సగంలో ‘ఆ తుత్తె’, అంటే అందరికీ. రెండో సగంలో ‘ఆ లూయి’, అంటే అతనికి. మార్కో పేరు ముందు ‘ఆ’ లేదు. కాబట్టి అతను నచ్చినవాడు, నచ్చుకున్నవాడు కాదు. ఇంకో చిన్న సంగతి: ‘తుత్తె’ స్త్రీలింగ బహువచనం. మగవాళ్లు కూడా ఉంటే ‘తుత్తి’ అయ్యేది. “అందరికీ” అని ఊరుకుంటే ఆ సంగతి పోతుంది. నేనైతే ఇలా రాస్తాను: “అమ్మాయిలందరికీ మార్కో అంటే ఇష్టమే, కానీ అతనికి నచ్చింది మాత్రం జూలియా ఒక్కతే.”

కొత్తపాఠం: వాక్యంలో ముందు వచ్చిన మాటే కర్త అనుకుని చదవడం వల్ల వచ్చిన చిక్కా ఇది?

ఒత్తక్షరం: చిత్రమేమిటంటే, ఇక్కడ ముందు వచ్చింది కర్తే. కర్త అంటే ఇష్టపడేవాడు అనుకోవడంలో ఉంది చిక్కు. క్రమాన్ని అసలు నమ్మకండి. “ఆ జూలియ పియాచె మార్కొ”, “మార్కొ పియాచె ఆ జూలియ” రెండిటికీ ఒకటే అర్థం: జూలియాకు మార్కో నచ్చాడు. దేన్ని ముందు పెడితే కథనం దాని గురించి నడుస్తోందన్నమాట. తెలుగులో కూడా “జూలియాకు మార్కో నచ్చాడు”, “మార్కో జూలియాకు నచ్చాడు” అని అటూ ఇటూ తిప్పుకోవచ్చు. అనువాదంలో మూలం ఏ క్రమంలో ఉందో ఆ క్రమాన్నే ఉంచండి, చాలాసార్లు అతుకుతుంది.

ఈ ‘ఆ’ కొన్నిసార్లు ఆర్టికల్‌తో కలిసిపోయి కనబడదు. “ఇల్ జెలాతొ పియాచె ఆయ్ బంబీని” అన్నప్పుడు ‘ఆయ్’లో ఉంది అది: పిల్లలకు ఐస్‌క్రీమ్ ఇష్టం. సర్వనామాలైతే ‘మి, తి, ల్యి, లె, చి, వి’ అన్నవి అప్పటికే నాకు, నీకు, అతనికి, ఆమెకు, మాకు, మీకు. వాటి ముందు మళ్లీ ‘ఆ’ పెట్టకూడదు. ‘ఆ మె’ వేరే రూపం, నొక్కి చెప్పడానికి వాడతారు.

సులభవ్యాకరణం: ఇంత అక్కర్లేదండీ. ఒకటి నచ్చితే ‘పియాచె’, ఎక్కువ నచ్చితే ‘పియాచ్చొనొ’. “మి పియాచె ఇల్ కఫ్ఫె”, “మి పియాచ్చొనొ ఇ గత్తి”. ఈ రెండు రూపాలు పెట్టుకుంటే భాష గడిచిపోతుంది. తెలుగు ఎలాగూ అదే పద్ధతి కాబట్టి మాటకు మాట మార్చుకుంటూ పోవచ్చు.

ఒత్తక్షరం: హోటల్లో గడుస్తుంది, కథలో గడవదు. మనుషులు ఒకరికొకరు నచ్చినప్పుడు మిగతా రూపాలన్నీ వస్తాయి. “మి పియాచి”, నువ్వు నాకు నచ్చావు. “తి పియాచ్చొ?”, నేను నీకు నచ్చానా? ఇక్కడ తెలుగు క్రియ కూడా ‘నచ్చావు’, ‘నచ్చాను’ అని కచ్చితంగా మారుతోంది చూడండి. ఒకటి, ఎక్కువ అన్న లెక్కకూ మినహాయింపు ఉంది. నచ్చినవి పనులైతే రెండైనా మూడైనా ‘పియాచె’యే. “మి పియాచె లెజ్జెరె ఎ స్క్రీవెరె”: నాకు చదవడం, రాయడం ఇష్టం.

మాటకు మాట అన్నారు కదా, అది బెడిసేది ‘ఇష్టం’ దగ్గర. ‘నచ్చు’ వచనాన్ని బట్టి మారుతుంది: ఆ పాట నచ్చింది, ఆ పాటలు నచ్చాయి. ‘ఇష్టం’ మారదు: నాకు పిల్లి ఇష్టం, నాకు పిల్లులు ఇష్టం. మనసులో ‘ఇష్టం’ పెట్టుకుని ఇటాలియన్ రాసేవాళ్లు “మి పియాచె ఇ గత్తి” అని రాసేస్తారు.

దీనికన్నా మోసం చేసేది వ్యతిరేకం. “ఆ పాట నచ్చలేదు”, “ఆ పాటలు నచ్చలేదు”. ‘లేదు’ దగ్గర మన క్రియ వచనాన్ని వదిలేస్తుంది. ఇటాలియన్ వదలదు: “నొన్ మి ఎ పియాచూత క్వెల్ల కన్త్సోనె”, కానీ “నొన్ మి సొనొ పియాచూతె క్వెల్లె కన్త్సోని”. అనుమానం వచ్చినప్పుడు వాక్యాన్ని ఒకసారి నచ్చింది, నచ్చాయి అని మార్చి చూసుకోండి. ‘నచ్చాయి’ వస్తే ‘సొనొ’, ‘నచ్చింది’ వస్తే ‘ఎ’. తర్వాత ‘నొన్’ తగిలించండి. లింగం మాత్రం ఇటాలియన్ మాటను బట్టే చూసుకోవాలి, తెలుగు అందులో సాయం చేయదు.

సులభవ్యాకరణం: ఆ వ్యతిరేకం సంగతి నేను గమనించలేదు. ‘నచ్చవు’ అంటే మాత్రం మారుతుంది కదా: ఆ పాట నచ్చదు, ఆ పాటలు నచ్చవు.

ఒత్తక్షరం: అవును, అది సరే. ‘లేదు’తోనే తంటా.

మానేరు: నాదొక డౌటన్నా. దుకాణంల అంగీ చూపిస్తే “నచ్చింది” అంటం. అట్లనే “మి ఎ పియాచూత క్వెస్త కమీచ” అంటే తప్పా? క్రియ, లింగం అన్నీ సరిగనే ఉన్నయి కద.

ఒత్తక్షరం: వ్యాకరణం తప్పు కాదు తమ్మీ, కాలం తప్పు. మన ‘నచ్చింది’ రూపానికి భూతకాలం, అర్థానికి వర్తమానం. చూశాను, నచ్చింది, ఇప్పుడూ నచ్చే ఉంది. ఇటాలియన్‌లో చొక్కా కళ్ల ముందు ఉండగా ‘మి పియాచె’ అనాలి. ‘మి ఎ పియాచూత’ అంటే ఆ అనుభవం ముగిసినట్టు: సినిమా చూసి బయటికి వచ్చాక, భోజనం అయ్యాక, ఊరు తిరిగి వచ్చాక అనే మాట. చొక్కా చేతిలో పట్టుకుని అలా అంటే వినేవాళ్లకు ఏదో జరిగిపోయిన విషయం చెబుతున్నట్టు ఉంటుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇది ఎదురు తిరుగుతుంది. ‘మి పియాచె’ కనబడగానే వర్తమానం కదా అని ‘నచ్చుతుంది’ అని రాయకండి. “ఈ చొక్కా నాకు నచ్చుతుంది” అని దుకాణంలో ఎవరూ అనరు. ముందున్న వస్తువైతే ‘నచ్చింది’, ఎప్పుడూ ఉండే ఇష్టమైతే ‘అంటే ఇష్టం’. “మి పియాచేవ ఇల్ లాత్తె” అని గతంలో కొన్నాళ్లు ఉన్న ఇష్టమైతే “పాలంటే ఇష్టం ఉండేది”. ‘మి పియాచెరెబ్బె’ వస్తే నచ్చడాన్ని పూర్తిగా వదిలేయండి. “మి పియాచెరెబ్బె వెదెరె రోమ” అంటే “నాకు రోమ్ చూడాలని ఉంది”.

మానేరు: మంచిగ అర్థమైంది. ‘మి’ బదులు ‘ఇయొ’ పెట్టి “ఇయొ పియాచ్చొ ఇల్ కఫ్ఫె” అంటే?

ఒత్తక్షరం: అది వాక్యం కాదు. వినేవాళ్లు ఊహించుకుంటే, కాఫీకి నువ్వు నచ్చావని వస్తుంది. ఇంకోటి, ‘ఇల్’ మర్చిపోవద్దు. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి మనవాళ్లు “మి పియాచె కఫ్ఫె” అంటుంటారు. ఇష్టం చెప్పేటప్పుడు వస్తువుకు ఆర్టికల్ ఉండాలి.

పదకోశం: ఈ పద్ధతిలో నడిచే క్రియలు ఇంకా ఉన్నాయి, తెలుగువాళ్లకు అన్నీ కలిసొచ్చేవే. ‘మి సెర్వె’ నాకు కావాలి, ‘మి బాస్త’ నాకు చాలు. కానీ ఒత్తక్షరం గారు ‘ఇష్టం’ గురించి చెప్పిన చిక్కే వీటికీ ఉంది. ‘కావాలి’, ‘చాలు’ మారవు, అవి మారతాయి. రెండు పెన్నులు కావాలంటే “మి సెర్వొనొ దూయె పెన్నె”.

సబ్‌టైటిళ్లలో నేను ఎక్కువగా దిద్దాల్సి వచ్చేది ‘మి దిస్పియాచె’. ‘పియాచె’కి వ్యతిరేకం అనుకుని “నాకు ఇష్టం లేదు” అని రాస్తారు. చావు కబురు చెప్పిన మనిషితో ఎదుటివాడు “నాకు ఇష్టం లేదు” అంటాడు తెర మీద! దాని అర్థం “అయ్యో, బాధగా ఉంది” లేదా “క్షమించండి”. నచ్చలేదు అనడానికి ‘నొన్ మి పియాచె’.

కొత్తపాఠం: చాలా ఉపయోగపడింది. ఇంకొక్కటి. కథ చివర జూలియా మార్కోతో “మి పియాచి” అంటుంది. “నువ్వు నాకు నచ్చావు” అని పెట్టాను. సరేనా?

పదకోశం: నాకు “నువ్వంటే నాకిష్టం” మేలనిపిస్తోంది. ‘నచ్చావు’లో పెళ్లిచూపుల వాసన ఉంది, ఇప్పుడే చూసి తేల్చినట్టు. కథలో వాళ్లిద్దరికీ పరిచయం పాతది కదా.

ఒత్తక్షరం: నేను ‘నచ్చావు’ వైపే. ‘మి పియాచి’లో ఆకర్షణ ఉంది. స్నేహితుణ్ణి మెచ్చుకోవడానికి ఇటాలియన్లు ఆ మాట వాడరు, ‘మి స్తాయ్ సింపాతికొ’ అంటారు. అమ్మానాన్నలతో, దగ్గరివాళ్లతో ‘తి వొల్యొ బేనె’. ‘నువ్వంటే ఇష్టం’ ఈ మూడింటికీ సరిపోతుంది. అందుకే అది ఇక్కడ పలచబడుతుందని నా భయం.

పదకోశం: పలచబడనివ్వండి, ఆ అమ్మాయి స్వభావం అదే అయితే? ఇంకా పెద్ద మాట ‘తి ఆమొ’ ఉండగా దాన్ని అనలేదు కదా ఆమె.

సరిగమ: “నువ్వు నాకు నచ్చుతావు” అంటే?

ఒత్తక్షరం: అది ఎప్పుడూ నచ్చుతుండే గుణం చెప్పినట్టుంటుంది, మనసు చెప్పినట్టుండదు. కొత్తపాఠం గారూ, ఆ మాటకు మార్కో ఏం జవాబిస్తాడు?

కొత్తపాఠం: “ఆంకె తు మి పియాచి.” నువ్వు కూడా నాకు నచ్చావు అని.

ఒత్తక్షరం: అక్కడ మాత్రం ‘ఆంకె’ ఎక్కడ పెట్టాడో చూసుకోండి. “ఆంకె ఆ మె” అనలేదు. ‘నాకు కూడా’ కాదు, ‘నువ్వు కూడా’. జూలియా వాక్యంలో కర్త మార్కో, ఇతని వాక్యంలో కర్త జూలియా. నాకు నచ్చినవాళ్లలో నువ్వూ ఉన్నావు అని పొరపాటున వినబడకుండా తెలుగులో “నువ్వూ నాకు నచ్చావు” అని చిన్నగా ముగించండి.

పదకోశం: “నాకూ నువ్వంటే ఇష్టమే” అంటే మనకు సహజంగా ఉంటుంది. మనం ‘కూడా’ను ఇష్టపడే మనిషికే తగిలిస్తాం.

కొత్తపాఠం: రెండూ పక్కపక్కన రాసి పెట్టుకున్నాను. మొదటి వాక్యం మాత్రం ఒత్తక్షరం గారిదే ఉంచుతున్నాను, ‘అమ్మాయిలందరికీ’తో సహా.