బిల్లుల ఎంట్రీ ఆటోమేషన్: మేనేజర్‌కి పెట్టే మెయిల్‌లో టైమ్ లెక్క ఎలా చూపించాలి?

ఆపరేషన్స్ సరళ

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల డిస్ట్రిబ్యూషన్. కొనుగోలు బిల్లులన్నీ నేనూ ఇంకో అబ్బాయీ ట్యాలీప్రైమ్‌లో చేత్తో ఎక్కిస్తాం. నెలకి దాదాపు 600 ఉంటాయి. 14న జీఎస్‌టీఆర్-2బి వచ్చి సరిచూసుకునేసరికి ఇంకా ఎక్కించని బిల్లులు మిగిలే ఉంటున్నాయి. 20లోపు 3బి వేయాలి కాబట్టి ఆ వారమంతా టెన్షనే. అందుకే మేనేజర్ గారికి మెయిల్ పెడదామనుకుంటున్నా. పంపేది ఇంగ్లీషులో, విషయం మాత్రం ఇది:

"సర్, కొనుగోలు బిల్లుల ఎంట్రీకి ఇప్పుడు నెలకి సుమారు 60 గంటలు పడుతోంది. బిల్లు స్కాన్ చేసి చదివే సాఫ్ట్‌వేర్ తీసుకుంటే 10 గంటల్లో అయిపోతుంది. నెలకి 50 గంటలు మిగులుతాయి. దయచేసి అనుమతి ఇవ్వగలరు."

ఇలా చెబితే సరిపోతుందా? ఇలాంటి మెయిల్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కోడర్ తేజ

సరిపోతుందండీ. ఓసీఆర్ పెడితే బిల్లు మీదున్నదంతా అదే చదివేస్తుంది, మనిషి చెయ్యి పెట్టాల్సిన పనే లేదు. 10 గంటలు కూడా ఎక్కువే. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్‌లో ఉన్న వోచర్లను నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, దానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

నవీన్ బిల్లింగ్

మీ టర్నోవర్ 5 కోట్లు దాటిందా? దాటితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. ట్యాలీలోంచే ఐఆర్ఎన్ తెచ్చుకోవచ్చు, మేం అలాగే చేస్తున్నాం. బిల్లు సేవ్ చేయగానే క్యూఆర్ కోడ్‌తో ప్రింట్ వస్తుంది.

ఆపరేషన్స్ సరళ

నవీన్ గారూ, అది మేం అమ్మే బిల్లుల సంగతి. అది ఎప్పటినుంచో నడుస్తోంది. నేనడిగేది మాకు వచ్చే బిల్లుల గురించి.

గుంటూరు పద్మ

మా హోటల్‌లో ఓసీఆర్ పెట్టారు. కంప్యూటర్ ప్రింట్ బిల్లుల వరకు బాగానే చదువుతుంది. చేతిరాత కూరగాయల బిల్లులు, అక్షరాలు వెలిసిపోయిన థర్మల్ కాగితాలు మాత్రం మళ్లీ నా దగ్గరికే వస్తాయి. వాటికన్నా పెద్ద తలనొప్పి బిల్లు నంబరు. అందులో సున్నా ఉన్నచోట ఇంగ్లీషు 'O' పడుతుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఎంట్రీ చేసేటప్పుడు కనిపించదు. 2బితో సరిపోల్చినప్పుడు ఆ బిల్లు మన దగ్గర లేనట్టు ఒకసారి, సప్లయర్ చూపించనట్టు ఇంకోసారి, రెండు వరసల్లో వస్తుంది. మొత్తం ఒకటే, నంబరు వేరు అయితే ముందు అదే అనుమానించండి. తేజ గారు చెప్పినంత సులువైతే కాదు.

లెక్కల రావు

సరళ గారూ, నవీన్ గారు ప్రశ్న వేరేగా అర్థం చేసుకున్నా, మీకు పనికొచ్చే మాట అన్నారు. మీకు సరుకు పంపే పెద్ద కంపెనీలన్నీ ఈ-ఇన్వాయిస్ ఇస్తున్నవే అయ్యుంటాయి. వాటికి ఓసీఆర్ ఎందుకు? మీ కంపెనీ జీఎస్‌టీ లాగిన్‌తో einvoice.gst.gov.in లోకి వెళితే, మీ పేరున వచ్చిన ఈ-ఇన్వాయిస్‌లు ఫైలుగా దిగుతాయి. సప్లయర్ ఎక్కించిన అక్షరాలే అందులో ఉంటాయి కాబట్టి పద్మ గారు చెప్పిన సున్నా గొడవ రాదు. కాగితం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా సరిపోదు. అందులో రెండు జీఎస్‌టీఐఎన్‌లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని ఐటమ్‌లు, ప్రధాన ఐటమ్ హెచ్‌ఎస్‌ఎన్, ఐఆర్ఎన్, అంతే ఉంటాయి. ఐటమ్‌ల వివరం కావాలంటే ఫైలే కావాలి.

ఇక మీ 60 గంటలు. ఆ మొత్తాన్ని ఒకే ముద్దగా చూపిస్తే మేనేజర్ మొదటి ప్రశ్నకే మెయిల్ ఆగిపోతుంది. అందులో టైపు చేసే టైమ్ ఎంత? రేటు తేడా వచ్చి సప్లయర్‌కి ఫోన్ చేసే టైమ్, స్టోర్స్ నుంచి సరుకు అందిన కాగితం రాక ఆగిపోయే టైమ్ ఎంత? ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ ఫోన్లు తగ్గవు. ఇంకో మాట, బిల్లుకి ఇన్ని నిమిషాలని సగటు తీసేటప్పుడు ఒక్క ఐటమ్ ఉన్న బిల్లులే చూసుకోకండి. 30 ఐటమ్‌ల బిల్లుకి పట్టే టైమ్ వేరు. ఒక మామూలు వారం ఎంచుకుని, వచ్చినవి వచ్చినట్టు గడియారం పెట్టి రాసుకోండి.

ఆపరేషన్స్ సరళ

రావు గారూ, ఈ వారం అలాగే రాసి చూశాం. నెలకి లెక్క కడితే 350 దాకా ఈ-ఇన్వాయిస్‌లు, వాటిలో ఐటమ్‌లు ఎక్కువ, సగటున 6 నిమిషాలు. అంటే 35 గంటలు. మిగతా 250 చిన్న బిల్లులు, 3 నిమిషాల చొప్పున 12న్నర గంటలు. తేడాల మీద ఫోన్లు, వెతుకులాట 15 గంటల దాకా. మొత్తం 62న్నర.

లెక్కల రావు

ఇప్పుడు దారిలో పడింది. ఆటోమేట్ అయ్యేది ఆ 35 గంటల భాగమే. ఇంపోర్ట్ అయ్యాక కూడా ప్రతి బిల్లునీ సరుకు అందిన కాగితంతో సరిచూడాలి కదా, దానికి 2 నిమిషాలు వేయండి. 350 బిల్లులకి 12 గంటల లోపు. మిగిలేది నెలకి 23 గంటలు. 50 కాదు. కానీ 23 అయితే ఎవరడిగినా నిలబడుతుంది.

ముందే చూసుకోవాల్సింది ఒకటుంది. సప్లయర్ ఐటమ్ పేరు, మీ స్టాక్ ఐటమ్ పేరు ఒకటి కావు. వాళ్ల ఫైల్లో ఇలా ఉంటుంది:

```
"PrdDesc": "FR WIRE 1.5 SQMM RED",
"Qty": 10, "Unit": "ROL"
```

మీ ట్యాలీలో వైరు మీటర్ల లెక్కన ఉంటే, 90 మీటర్ల కాయిల్స్ పది అంటే 900 మీటర్లు ఎక్కాలి. జత సరిగ్గా కట్టకపోతే 10 మీటర్లు ఎక్కుతుంది. బిల్లు మొత్తం, జీఎస్‌టీ రెండూ సరిపోతాయి కాబట్టి 2బిలో ఈ తప్పు దొరకదు. స్టాక్‌లో ఆ వైరు మీటరు రేటు ఒక్కసారిగా 90 రెట్లు పెరిగి కనిపిస్తుంది. అందుకని ఇంపోర్ట్ ఫైల్లోనే, పాత కొనుగోలు రేటుకీ కొత్త రేటుకీ బాగా తేడా ఉన్న వరసలను ఆపే ఏర్పాటు పెట్టుకోండి. ఈ పేర్ల పట్టిక తయారయ్యేదాకా మొదటి నెల పెద్దగా టైమ్ మిగలదని మెయిల్‌లోనే రాసేయండి.

కోడర్ తేజ

వైరు సంగతి నాకు తట్టలేదు. పట్టిక ఎక్సెల్‌లో పెట్టుకుని ఫైల్‌తో కలిపే చిన్న స్క్రిప్ట్ రాసుకుంటే చాలు, కొనేదేమీ ఉండదు. కానీ 2 నిమిషాలు మరీ ఎక్కువగా వేశారనే అంటాను. పేర్లు కుదిరాక అర నిమిషం చాలదా?

గుంటూరు పద్మ

చాలదు తేజా. చూడకుండా ఓకే నొక్కేస్తే అర నిమిషమే. సరుకు కాగితం పక్కన పెట్టుకుని చూస్తే రెండు నిమిషాలూ పడుతుంది.

ఆపరేషన్స్ సరళ

మెయిల్ ఇలా మార్చాను:

"సర్, కొనుగోలు బిల్లులకి నెలకి సుమారు 62 గంటలు పడుతోంది. ఒక వారం టైమ్ కొలిచి వేసిన లెక్క జతచేశాను. ఇందులో ఈ-ఇన్వాయిస్‌ల టైపింగ్ 35 గంటలు. వీటిని పోర్టల్ నుంచి దించి ట్యాలీలోకి ఇంపోర్ట్ చేస్తే, సరిచూడటానికి 12 గంటలు పోను నెలకి 23 గంటలు మిగులుతాయి. చిన్న బిల్లులు, రేటు తేడాల పని ఇప్పటిలాగే ఉంటుంది. మొదటి నెల ఐటమ్ పేర్లు జతకట్టడానికి పోతుంది. ముందుగా ఐటమ్‌లు ఎక్కువుండే ముగ్గురు సప్లయర్లతో మొదలుపెట్టి, ఆ నెల చేత్తో చేసిన ఎంట్రీతో పోల్చి చూపిస్తాం. ఇందుకు మీ నుంచి కావలసింది పోర్టల్ ఫైళ్లు వారానికోసారి మాకు అందే ఏర్పాటు."

జీఎస్‌టీ లాగిన్ మా అకౌంటెంట్ గారి దగ్గరే ఉంటుంది, ఓటీపీ యజమాని ఫోన్‌కి వెళుతుంది. ఆ ఫైళ్లు ఎవరు దించి ఇస్తారన్నదే ఇప్పుడు తేలాలి. మీ ఆఫీసుల్లో ఎలా చేస్తున్నారు?

లెక్కల రావు

మా దగ్గర అకౌంటెంట్ ప్రతి సోమవారం దించి ఉమ్మడి ఫోల్డర్లో పెడతారు. లాగిన్ మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. మెయిల్ పంపేముందు ఆయనతో ఒక మాట అనండి, కాపీలో ఆయన పేరూ పెట్టండి.

నవీన్ బిల్లింగ్

మా దగ్గర ఓటీపీ కోసం యజమానికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తేసరికి టైమ్ అయిపోయేది. ఇంకెవరైనా వేరే దారి కనుక్కుని ఉంటే నాకూ కావాలి.